ముప్పై ఆరు నెలల లెక్క

మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను కేంద్ర ప్రభుత్వం 2022-23 నుంచి నిలిపివేసినప్పుడు మనమందరం నిరసించాం. ఆ నిరసన న్యాయమైనదే. అయితే ఇతర స్కాలర్‌షిప్పుల కోసం మన పిల్లలు రాస్తున్న పరిశోధన ప్రతిపాదనలను చదివినప్పుడు మరొక దిగులు కూడా కలుగుతున్నది. ఆశయానికి కొదవ ఉండదు గాని, అందులో కాలానికి లెక్క కనిపించదు.

కర్నూలుకు చెందిన ఒక విద్యార్థిని ఇటీవల తన ప్రతిపాదనను మాకు చూపించింది. శీర్షిక 'తెలుగు రాష్ట్రాలలో ముస్లిం బాలికల విద్య'. ఎనిమిది జిల్లాలలో 400 కుటుంబాలతో ముఖాముఖి సంభాషణలు, మూడేళ్ల గడువు. ఆశించిన ఫలితం: బాలికలు చదువు మానివేయడాన్ని అరికట్టడం!

మేము కాగితం మీద లెక్క వేశాం. గంటసేపు సాగిన దక్కనీ సంభాషణను విని, అక్షరబద్ధం చేసి, అనువదించడానికి ఎనిమిది గంటలైనా పడుతుంది. 400 సంభాషణలకు 3,200 గంటలు. రోజుకు నాలుగు గంటలు కూర్చున్నా 800 రోజులు. అంటే రెండేళ్లకు పైగా రాతపనికే సరిపోతుంది. ఎంపిక సంఘంలోని అనుభవజ్ఞులు ఈ గుణకారం క్షణంలో చేయగలరు.

అందుచేత ప్రశ్నను కుదించాం. కర్నూలు పాతబస్తీలో ఉర్దూ మాధ్యమంలో పదో తరగతి ఉత్తీర్ణులైన బాలికలలో కొందరు ఇంటర్‌లో ఎందుకు చేరడం లేదు? మాధ్యమం మారవలసి రావడమే కారణమని ఆమె అభిప్రాయం. కాని ఉర్దూ మాధ్యమం వారినే అడిగితే అది రుజువు కాదు. అదే బస్తీలో తెలుగు మాధ్యమంలో చదివిన ముస్లిం బాలికలను కూడా అడగాలి. వారూ అదే స్థాయిలో ఆగిపోతూ ఉంటే కారణం వేరొకచోట ఉన్నట్టే. తన ఊహ తప్పని ఎప్పుడు ఒప్పుకుంటుందో ప్రతిపాదనలోనే రాయమన్నాం. ఇరవై, ఇరవై చొప్పున 40 కుటుంబాలు చాలు.

మొదటి పన్నెండు నెలలు కోర్సువర్కుకు, నైతిక సమీక్ష సంఘం అనుమతికి, నమూనా సంభాషణలకు పోతాయి. పద్దెనిమిదేళ్లు నిండని బాలికలతో మాట్లాడాలంటే తల్లిదండ్రుల లిఖిత సమ్మతితోపాటు బాలిక సమ్మతి కూడా కావాలి. తర్వాత ఎనిమిది నెలలు క్షేత్రపని. వారానికి రెండు చొప్పున ఐదు నెలలు చాలినా, ఈ ఏళ్లలో రంజాన్, పరీక్షల కాలం దగ్గరదగ్గరగా వస్తున్నాయి కనుక మూడు నెలలు అదనంగా ఉంచాం. ఆ రోజుల్లో ఏ తల్లి తలుపు తట్టి గంటసేపు కూర్చోమనగలం? రాతకూ విశ్లేషణకూ ఆరు నెలలు, గ్రంథరచనకు పది.

ఫలితాల పుటలో 'అరికట్టడం' అన్న మాట తీసివేయించాం. ఆమె చేతిలో ఉన్నవి మాత్రమే అక్కడ మిగిలాయి: సిద్ధాంత గ్రంథం, రెండు వ్యాసాలు, ఆ 40 కుటుంబాలకు ఉర్దూలో, తెలుగులో అందే పది పుటల నివేదిక.

"మరీ చిన్నదైపోయిందేమో సార్" అన్నది ఆమె. 40 కుటుంబాలతో రాష్ట్రమంతటికీ తీర్పు చెప్పలేమన్న మాట నిజమే. ఆ పరిమితిని కూడా ఒక వాక్యంలో రాసి పంపమన్నాం.