స్పీడ్ టెస్ట్ చూపించి నోరు మూయించకండి

“సార్, మీకు మూడు వందలు ఫుల్లుగా వస్తోంది కదా! ఇంకేంటి సార్ ప్రాబ్లం?”

అయిదు వారాల్లో ఈ మాట పదకొండు సార్లు విన్నాను. కాల్ సెంటర్లో అమ్మాయి అంది. ఇంటికొచ్చిన కుర్రాడు ఫోన్లో స్పీడ్ టెస్ట్ ముల్లు చూపించి మరీ అన్నాడు. ఆ పైవాడూ అదే పాట. రౌటర్ ఎన్నిసార్లు ఆపి వేశానో లెక్కే లేదు. వీళ్ల దృష్టిలో రౌటర్ స్విచ్ సర్వరోగ నివారిణి.

మా మేనల్లుడు విజయవాడలో మా ఇంట్లో ఉండి ఇంజినీరింగ్ చదువుతున్నాడు. రాత్రి చదువయ్యాక స్నేహితులతో ఒక షూటింగ్ గేమ్ ఆడతాడు. దాని సర్వర్ సింగపూర్లో ఉంటుంది. పాత కనెక్షన్లో పింగ్ యాభైకి అటూ ఇటూ ఉండేది. కొత్త కంపెనీకి మారిన రోజు నుంచీ నూట నలభై. “మామయ్యా, నేను గోడ చాటుకి వచ్చేశాక కూడా వాళ్ల తూటా నాకు తగులుతోంది” అని వాడి గోల. సినిమాలు ఆగకుండా నడుస్తున్నాయి. పెద్ద ఫైళ్లు చిటికెలో దిగుతున్నాయి. ఆ ఒక్క ఆటే నత్తనడక. ఇంతకీ తప్పెవరిది? ఆటదేనట! కంపెనీ తీర్పు అది.

ముందు ఆ స్పీడ్ టెస్ట్ సంగతి తేల్చాలి. అది మీకు దగ్గర్లో ఉన్న సర్వర్‌ని ఎంచుకుంటుంది. చాలాసార్లు ఆ సర్వర్ మీ కంపెనీ నెట్‌వర్క్ లోపలే ఉంటుంది. అంటే అది కొలిచేది మీ గది నుంచి వాళ్ల గుమ్మం దాకా ఉన్న దారినే. గుమ్మం దాటాక మీ ప్యాకెట్ చెన్నై పోయిందా చికాగో పోయిందా దానికి తెలియదు. కొట్టువాడు తన తక్కెడే తెచ్చి తన సరుకే తూచి “చూశారా, సరిపోయింది” అన్నట్టుంటుంది. సినిమాల సంగతీ అంతే. పెద్ద వీడియో సంస్థలు తమ కాపీల పెట్టెల్ని మన దేశంలోనే, ఒక్కోసారి ఇంటర్నెట్ కంపెనీల గదుల్లోనే పెడతాయి. సినిమా బాగా ఆడిందంటే ఆ పెట్టె దగ్గర్లో ఉందని అర్థం, అంతే. సింగపూర్ దారి బాగుందని అందులో ఎక్కడా లేదు.

మరి సింగపూర్‌కి ఎంత పట్టాలి? గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే ఒక మిల్లీసెకనుకు రెండు వందలు. చెన్నై నుంచి సింగపూర్‌కి సముద్రం కింద 2002 నుంచీ ఉన్న ఐ2ఐ కేబుల్ పొడవు సుమారు 3,200 కిలోమీటర్లు. విజయవాడ నుంచి చెన్నైకి ఇంకో నాలుగైదు వందలు కలపండి. పోను పద్దెనిమిది, రాను పద్దెనిమిది, మొత్తం ముప్పై ఆరు మిల్లీసెకన్లు. మధ్యలో యంత్రాల ఆలస్యం కలిపితే నలభై అయిదో యాభయ్యో. పాత కనెక్షన్లో వచ్చింది సరిగ్గా అదే. నూట నలభై వస్తోందంటే ప్యాకెట్ ఎక్కడో ఊళ్లు తిరిగి వస్తోంది. ఇక్కడ ఊహలతో పని లేదు, భాగహారం చాలు.

ఎక్కడ తిరుగుతోందో చూద్దామని కూర్చున్నాం. ఆట నడుస్తుండగా విండోస్‌లో `resmon` తెరిస్తే ఆ ప్రోగ్రాం మాట్లాడుతున్న సర్వర్ చిరునామా కనిపిస్తుంది. దాన్ని తీసుకుని ఈ ఆదేశం ఇచ్చాం (ఇక్కడున్నది నమూనా చిరునామా, ఆ చోట మీ సర్వర్‌ది పెట్టుకోండి):

```
tracert 203.0.113.25
```

ప్యాకెట్ దాటే ఒక్కో మజిలీ ఒక్కో వరుసగా వస్తుంది. కొన్ని మజిలీల పేర్లలో విమానాశ్రయాల సంకేతాలు దాగి ఉంటాయి. `maa` అంటే చెన్నై, `bom` అంటే ముంబై, `sin` అంటే సింగపూర్. మాకు చెన్నై వచ్చింది, దాని వెంటనే సింగపూర్ వచ్చింది. దారి తిన్నగానే ఉంది! కానీ సింగపూర్లో ఆట సంస్థ నెట్‌వర్క్‌లోకి అడుగు పెట్టిన మజిలీ దగ్గర అంకె ఒక్కసారిగా నలభై ఎనిమిది నుంచి నూట నలభైకి ఎగిరింది. కంపెనీవాడికి ఇది చూపిస్తే ఎగిరి గంతేశాడు. “చూశారా సార్, మా దాకా బాగానే ఉంది. వాళ్ల దగ్గరే లేటు.”

ఇక్కడే అసలు మాయ ఉంది. ట్రేసర్ట్ చూపించేది వెళ్లే దారి మాత్రమే. తిరుగు దారి వేరే ఉండొచ్చు, తరచూ ఉంటుంది కూడా. కనిపించే అంకెలో మాత్రం రానూ పోనూ రెండూ కలిసి ఉంటాయి. అందుకని సింగపూర్ వైపు నుంచి చూశాం. కొన్ని పెద్ద నెట్‌వర్క్‌లు తమ రౌటర్ల నుంచి దారి వెతుక్కోనిచ్చే పేజీ పెడతాయి, దాన్ని లుకింగ్ గ్లాస్ అంటారు. ఆట సంస్థకు దారి అమ్మే నెట్‌వర్క్‌కు అది ఉంది. అందులో మా ఇంటి చిరునామా కొడితే తేలింది: సింగపూర్ నుంచి ఫ్రాన్స్‌లోని మార్సెయ్, అక్కణ్నుంచి ముంబై, ఆ తర్వాత మేం. ఇరవై మూడు వేల కిలోమీటర్ల తిరుగు ప్రయాణం! నూట పదిహేను మిల్లీసెకన్లు దానికే సరి. వెళ్లే పద్దెనిమిది కలిపితే నూట ముప్పై మూడు, యంత్రాల ఆలస్యంతో నూట నలభై. లెక్క అతికినట్టు సరిపోయింది. ముక్కేదిరా అంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించడమంటే ఇదే.

ఎందుకిలా? నెట్‌వర్క్‌ల మధ్య దారి నిర్ణయించే బీజీపీ అనే పద్ధతికి కిలోమీటర్లు తెలియవు, మిల్లీసెకన్లు అసలే తెలియవు. ఎవరి దారి తమకు చవకో, ఎవరితో ఒప్పందం ఉందో ముందు చూస్తుంది. అది సమానమైతే మధ్యలో ఎన్ని నెట్‌వర్క్‌లున్నాయో లెక్కపెడుతుంది. మార్సెయ్ మీదుగా వచ్చినా మూడే నెట్‌వర్క్‌లైతే దానికి అదే దగ్గరి దారి. మన ఊళ్లలో కనెక్షన్ ఇచ్చే కంపెనీలు చాలావరకు పైనున్న పెద్ద నెట్‌వర్క్‌ల దగ్గర దారి కొనుక్కుంటాయి. మా కంపెనీ కొత్తగా కొన్న దారి తాలూకు నెట్‌వర్క్, ఆట సంస్థకు దారి అమ్మే నెట్‌వర్క్‌ని కలిసేది యూరప్‌లో. “మా చిరునామాలు ఇక్కడున్నాయి” అని ఆ చవక దారి గుండా చాటింపు వేసింది మా కంపెనీయే. అలా చాటితే జవాబులు ఆ దారినే వస్తాయి. కాబట్టి “మా దాకా బాగానే ఉంది” అన్నది చేతులు దులుపుకోవడం తప్ప ఇంకోటి కాదు. తిరుగు దారి మీద పూర్తి అధికారం వాళ్లకు లేకపోవచ్చు. కానీ ఏ గుమ్మం దగ్గర చాటింపు వేయాలో, ఎక్కడ వేయకూడదో వాళ్ల చేతిలో పనే.

ఇది దూరం జబ్బు. పొద్దున్న చూసినా అర్ధరాత్రి చూసినా అంకె ఒకటే. రెండో జబ్బు రద్దీ. పగలు బాగానే ఉండి రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా మాత్రమే చతికిలబడితే, రెండు నెట్‌వర్క్‌లు కలిసే చోట పోర్టు నిండిపోయి ప్యాకెట్లు రాలిపోతున్నాయని అనుమానించాలి. దీనికి చరిత్రకెక్కిన ఉదాహరణ అమెరికాలో ఉంది. 2014లో వెరైజన్ ఇంటర్నెట్ వాడేవాళ్లకు నెట్‌ఫ్లిక్స్ మసకబారింది. సెకనుకు 75 మెగాబిట్ల కనెక్షన్ ఉన్న ఒక చందాదారుడికి నెట్‌ఫ్లిక్స్ ఇచ్చింది 375 కిలోబిట్లు. అతను వీపీఎన్ వేసుకుంటే అదే తీగలో 3,000 వచ్చాయి. తీగ బాగుంది, దారే బాగోలేదు. ఆ జులైలో వెరైజన్ తన నెట్‌వర్క్ లోపల ఎక్కడా రద్దీ లేదని, సరిహద్దు దగ్గరే ఉందని తానే బొమ్మ గీసి చూపించి, తప్పు నెట్‌ఫ్లిక్స్ ఎంచుకున్న దారిదంది. అవతలి వైపు నెట్‌ఫ్లిక్స్ సరుకు మోసే లెవెల్ 3 నెట్‌వర్క్ దిమ్మతిరిగే జవాబిచ్చింది: లాస్ ఏంజెలస్‌లో మన రెండు రౌటర్లూ ఒకే భవనంలో ఉన్నాయి, ఇంకొన్ని పోర్టులు కలిపితే అయిపోతుంది, మీకు కార్డులు కొనే స్తోమత లేకపోతే మేమే కొనిస్తాం అంది! వెరైజన్ వాదన డబ్బు గురించి: మీ వైపు నుంచే సరుకు ఎక్కువ వస్తోంది కాబట్టి మీరే చెల్లించాలని. వాళ్ల బేరం వాళ్లిష్టం. బేరం తెగేదాకా నెలనెలా బిల్లు కట్టినవాడు గిరగిర తిరిగే గుండ్రాన్ని చూస్తూ కూర్చోవడమేంటి?

అన్ని నేరాలూ కంపెనీ మీదే మోపను. వైఫై గోడలకి చచ్చిపోవచ్చు, ఆట సర్వరే పడిపోవచ్చు. 2025 సెప్టెంబర్లో ఎర్ర సముద్రంలో కేబుళ్లు తెగితే ప్యాకెట్లు చుట్టు తిరగక తప్పలేదు. ట్రేసర్ట్‌లో మధ్య మజిలీ నక్షత్రాలు చూపిస్తే బెంబేలెత్తక్కర్లేదు, కొన్ని రౌటర్లు జవాబివ్వవు, అంతే. వీపీఎన్‌తో బాగుపడితే “కావాలని నొక్కేస్తున్నారు” అని కేకలేయడమూ తొందరపాటే, దారి మారిందని మాత్రమే దాని అర్థం. ఫోన్ హాట్‌స్పాట్‌తో వేరే కంపెనీ నెట్ మీద అదే ఆట, అదే గంటకి ఆడి చూడండి. అక్కడ బాగుండి ఇంట్లో బాగోలేకపోతే ఆట సంస్థ సర్వర్ మీద నింద చాలావరకు తొలగిపోయినట్టే.

కానీ ఇవన్నీ నేనెందుకు చేయాలి? 2006 నాటి ట్రాయ్ నాణ్యతా నిబంధనల్లోనే, నిక్సీ లాంటి కూడలి దాకా పోయే లింకు 80 శాతానికి మించి నిండకూడదని హద్దు పెట్టారు. ఆ కూడలి అవతల ఫలానా ఆట, ఫలానా వీడియో ఏ దారిన వస్తోందో ఆ హద్దు లెక్కలోకి రాలేదు. కంపెనీ ఫిర్యాదుల జాబితాలో “నెట్ లేదు”, “నెట్ స్లో” అని రెండే గడులు. “ఒక్క సేవకు దారి తప్పింది” అనే గడి పెట్టండి. ఆ ఫిర్యాదుని తీగలు మార్చే కుర్రాడికి కాకుండా రౌటింగ్ చూసే ఇంజినీరుకి పంపండి. ఏ ఊళ్లో ఎవరితో కలుస్తున్నారో, ఆ పోర్టులు సాయంత్రాలు ఎంత నిండుతున్నాయో బయట పెట్టండి. ప్లాన్ పేరులో 300 అని కొట్టొచ్చేలా వేసుకుంటారు కదా, ఇదీ వేయండి.

మా గొడవ కాల్ సెంటర్లో తీరలేదు. మా ఇంటి చిరునామా మీద `whois` వెతికితే ఆ కంపెనీ నెట్‌వర్క్ విభాగం ఈమెయిల్ దొరికింది. రెండు వైపుల ట్రేసులూ, సమయాలూ పెట్టి పది వరుసల ఉత్తరం రాశాను. ఎవరో ఇంజినీరు, పేరు కూడా చెప్పలేదు, యూరప్ వైపు మా చాటింపు తగ్గించాడు. రెండో రోజు రాత్రికి పింగ్ నలభై ఏడు.

అయిదు వారాల నా టికెట్‌ని ఆ మర్నాడు మూసేశారు. కారణం అన్న గడిలో రాసింది: కస్టమర్ రౌటర్ రీస్టార్ట్ చేశారు.