పిల్లల చదువు అలవెన్స్: నెలకు వచ్చేది రూ.1,500.. పన్ను లేనిది రూ.200 మాత్రమే!

జీతం స్లిప్పులో ‘చిల్డ్రన్ ఎడ్యుకేషన్ అలవెన్స్’ అని కనిపిస్తే, ఆ డబ్బు మొత్తానికి పన్ను ఉండదని చాలామంది అనుకుంటారు. అసలు లెక్క వేరు. 2025-26 ఆదాయానికి పాత పన్ను విధానంలో ఒక్కో బిడ్డకు నెలకు రూ.100 వరకే మినహాయింపు. అదీ ఇద్దరు పిల్లలకే. మూడో బిడ్డకు వర్తించదు.

ముసునూరులో ఉంటూ నూజివీడులో ప్రైవేటు ఉద్యోగం చేసే ఒకరి లెక్క చూద్దాం. ఏడాది జీతం రూ.9 లక్షలు, ఇద్దరు పిల్లలు అనుకుందాం. అందులో చదువు అలవెన్స్ నెలకు రూ.1,500, అంటే ఏడాదికి రూ.18,000. మినహాయింపు దక్కేది రూ.2,400కే. మిగతా రూ.15,600 జీతంలో కలిసిపోయి పన్ను పరిధిలోకి వస్తుంది. స్కూల్‌కు లక్ష రూపాయల ఫీజు కట్టినా ఈ పరిమితి పెరగదు.

మరి మిగిలేదెంత?

పాత విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ రూ.50,000, సెక్షన్ 80సీ కింద రూ.1.5 లక్షలు తీసేస్తే రూ.7 లక్షలు ఉంటుంది. సెస్‌తో కలిపి పన్ను రూ.54,600. చదువు అలవెన్స్ మినహాయింపు కూడా తీసేస్తే పన్ను సుమారు రూ.54,101 అవుతుంది. అంటే ఏడాదంతా కలిపి ఆదా దాదాపు రూ.499!

ఒక బిడ్డ విజయవాడ హాస్టల్‌లో ఉండి, కంపెనీ విడిగా హాస్టల్ అలవెన్స్ ఇస్తుంటే నెలకు మరో రూ.300కు మినహాయింపు ఉంది. దానివల్ల ఇంకో రూ.749 మిగులుతుంది.

కొత్త విధానంలో ఈ మినహాయింపులేవీ లేవు. రూ.18,000 మొత్తం జీతంలోనే లెక్క. అయినా ఇదే ఉద్యోగికి రూ.75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోగా రూ.8.25 లక్షలు మిగులుతుంది. రూ.12 లక్షల లోపు కాబట్టి రిబేటుతో పన్ను సున్నా. రూ.499 కోసం పాత విధానంలో ఉండిపోతే రూ.54 వేలు కట్టాల్సి వస్తుందన్నమాట. జీతం రూ.12.75 లక్షలు దాటి, ఇంటి అద్దె, గృహరుణ వడ్డీ లాంటి పెద్ద మినహాయింపులు ఉన్నవాళ్లు మాత్రం రెండు లెక్కలూ వేసి చూసుకోవాలి.

ఎక్కడ పొరపాటు జరుగుతోంది?

స్లిప్పులో ఈ అలవెన్స్ విడిగా లేకుంటే, ఎంత ఫీజు కట్టినా ఈ మినహాయింపు రాదు. ట్యూషన్ ఫీజును 80సీలో చూపించడం వేరే సంగతి. అది అలవెన్స్ లేనివాళ్లకూ పాత విధానంలో వర్తిస్తుంది, కానీ రూ.1.5 లక్షల మొత్తం పరిమితిలోనే.

ఫారం 16లో సెక్షన్ 10 కింద మినహాయించిన అలవెన్సుల వరుస చూడండి. పాత విధానం ఎంచుకుని, ఇద్దరు పిల్లలకు చదువు అలవెన్స్ తీసుకున్నా అక్కడ రూ.2,400 కనిపించకపోతే కంపెనీ ఇవ్వలేదని అర్థం. రిటర్న్ వేసేటప్పుడు దాన్ని క్లెయిమ్ చేసుకోవచ్చు. అయితే పాత విధానం కావాలంటే గడువులోపే రిటర్న్ వేయాలి.. గడువు దాటితే కొత్త విధానమే!