రెండు కోట్లు లాభమా?

2022 సెప్టెంబర్‌లో హైదరాబాద్ స్కైరూట్ ఏరోస్పేస్ 51 మిలియన్ డాలర్ల సిరీస్ బి ఫండింగ్ ప్రకటించింది. ముందుండి పెట్టుబడి పెట్టింది సింగపూర్ జీఐసీ. అప్పటికి వాళ్ల రాకెట్ ఒక్కటీ ఎగరలేదు, విక్రమ్-ఎస్ ఎగిరింది నవంబర్ 18న. అయినా ఆ వార్త కస్టమర్‌కీ పనికొచ్చేదే. శాటిలైట్ పంపాలనుకునే కంపెనీకి తెలియాల్సింది, రాకెట్ తయారయ్యేదాకా వీళ్లు నిలబడతారా అని.

అదే అచ్చులో మనవాళ్లు రాసే లింక్డ్‌ఇన్ క్యాప్షన్లతోనే నా పేచీ. మాది కదిరి. అక్కడి శెనక్కాయ చేలల్లో తేమ కొలిచే సెన్సర్లను బాడిగకిచ్చే స్టార్టప్ ఒకటి ఉందనుకుందాం. 20 శాతం వాటాకి 2 కోట్లు తెచ్చింది. క్యాప్షన్‌లో వ్యాల్యుయేషన్ 10 కోట్లు, రెండు రాకెట్ ఎమోజీలు. రైతు లింక్డ్‌ఇన్‌లో ఉండడు, నిజమే. బెంగళూరులో ఉన్న కొడుకు ఉంటాడు, స్క్రీన్‌షాట్ సాయంత్రానికి ఊరి వాట్సాప్ గ్రూపులో పడుతుంది. "రెండు కోట్లొచ్చినాయంట కదా, ఇంకా మా దగ్గర బాడిగెందుకు?" అంటారు. పెట్టుబడిని లాభమనుకున్నారు. తప్పు వాళ్లది కాదు, క్యాప్షన్ అలా ఉంది.

పైగా 2 కోట్లు ఒక్కసారే రావు. ఇప్పుడు 1.2 కోట్లు, 500 చేలకి సెన్సర్లు పెట్టాక మిగతా 80 లక్షలు అని ఒప్పందం ఉండొచ్చు. నెలకి ఆదాయం పోను 10 లక్షలు చేతి నుంచి పడుతున్నాయనుకోండి. క్యాప్షన్ చదివినవాడు 20 నెలలు నడుస్తుందనుకుంటాడు, బ్యాంకులో ఉన్నది 12 నెలలకే. ఏడాది బాడిగ ముందే కట్టిన రైతుకి ఈ తేడా చిన్నది కాదు.

ఇంకొకటి, ఎప్పుడు పోస్ట్ చేయాలన్నది. 2013 కంపెనీల చట్టం 42వ సెక్షన్ ప్రకారం, ఇలా కొద్దిమందికే షేర్లు అమ్మేటప్పుడు ఆ సంగతి మీడియా ద్వారా జనానికి చాటకూడదు. "రౌండ్ ఓపెన్‌గా ఉంది, డీఎం చేయండి" అన్న పోస్ట్ సరదా కాదు, జరిమానా దాకా పోతుంది. డబ్బు ఖాతాలో పడినా షేర్లు కేటాయించి, 15 రోజుల్లోపు PAS-3 ఫారం వేయాలి. అది వేసేదాకా ఆ డబ్బు వాడకూడదు. కాబట్టి టర్మ్ షీట్ మీద సంతకం పెట్టిన రాత్రే ఫోటో పెట్టడం తొందరపాటే.

PAS-3 వేశాక నేనైతే ఇలా రాస్తాను. లింక్డ్‌ఇన్‌లో ముందు కనబడేది రెండు మూడు లైన్లే కదా, రైతు మాట మొదట:

"ఈ ఏడాది మీ బాడిగ మారదు. సెన్సర్ చెడితే కదిరిలోనే బాగుచేయడానికి ఇద్దర్ని పెట్టుకుంటున్నాం. దీనికోసం 2 కోట్ల పెట్టుబడి ఒప్పందం అయింది, 1.2 కోట్లు అందాయి, మిగతావి 500 చేలు పూర్తయ్యాక వస్తాయి. ఇది మా లాభం కాదు, 20 శాతం వాటా అమ్మితే వచ్చింది."