వాన అక్కడ, వరద ఇక్కడ

ఊళ్ళో ఎండ కాస్తూ వుంటుంది. ఊడ్పుల పనిలో వున్న రైతు ఆకాశం వంక చూసి ఇవాళ్టికి వాన లేదనుకుంటాడు. ఇంతలో నాగావళి ఎరుపెక్కి పోటెత్తుతుంది. ఇసుకలోకి దిగిన బళ్ళు, లంకల్లో మేస్తున్న గొడ్లు, గట్టున పెట్టిన ఆయిల్ ఇంజన్లు చిక్కుకుపోతాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఏటి ఒడ్డు గ్రామాలకు ఇది కొత్త కాదు. అయినా వరద వచ్చిన ప్రతిసారీ "చెప్పకుండా వచ్చింది" అనే మాటే వినిపిస్తోంది. నిజానికి అది చెప్పకుండా రాలేదు. చెప్పే చోట వినేవారు లేరు.

ఈ వరదకు మూలం నేల మీద లేదు, గాలిలో వుంది. సముద్రం మీద నుంచి లేచిన ఆవిరి ఆకాశమంతా సమంగా పరుచుకోదు. ఒక్కొక్కప్పుడు అది సన్నని, పొడుగాటి పట్టీలా కూడుకుని గాలి వెంట పరుగెడుతుంది. ఆ పట్టీ పొడవు రెండు వేల కిలోమీటర్లకు పైన వుంటుంది, వెడల్పు మాత్రం కొన్ని వందల కిలోమీటర్లే. శాస్త్రజ్ఞులు దీనికి వాతావరణ నది అని పేరు పెట్టారు. ఇది కంటికి ఏరులా కనిపించదు. గాలిలో ఎంత ఆవిరి వుంది, ఆ గాలి ఎంత వేగంగా వీస్తోంది అనే రెండూ కలిపి లెక్క కడితేనే బయటపడుతుంది. అమెరికాలోని కాలిఫోర్నియాకు 2022 డిసెంబరు చివర, 2023 జనవరిలో ఇలాంటివి వరసగా తొమ్మిది వచ్చి ఊళ్ళను ముంచాయి.

మన దేశం సంగతి గాంధీనగర్ ఐ.ఐ.టి. పరిశోధకులు లెక్క తీశారు. 1951 నుంచి 2020 వరకు 596 పెద్ద వాతావరణ నదులు భారతదేశం మీదికి వచ్చాయని, వాటిలో నూటికి 95 జూన్-సెప్టెంబరు నెలల్లోనే వచ్చాయని వారు తేల్చారు. 1985 తర్వాత దేశంలో వచ్చిన పెద్ద వరదల్లో నూటికి 70 వీటితో ముడిపడి వున్నాయి. నైరుతి రుతుపవనాల గాలి ఎలాగూ తడిగాలే కాబట్టి, మన వంటి ఉష్ణదేశాల్లో ఏది నది, ఏది మామూలు రుతుపవనం అని గీత గీయడం కష్టమని వాదించే శాస్త్రజ్ఞులూ వున్నారు. పేరు మీద తగవు ఎలా వున్నా, తడిగాలి ఒకే దారిన ఆగకుండా వచ్చి ఒకేచోట కుమ్మరిస్తే ఏమవుతుందో మన ఏటి గట్లకు తెలుసు.

కుమ్మరించడానికి కారణం చల్లదనం. 30 డిగ్రీల వేడిలో వున్న ఘనమీటరు గాలి దాదాపు 30 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. అదే గాలి 20 డిగ్రీలకు చల్లబడితే 17 గ్రాములే మోస్తుంది. మిగిలినది వానగా దిగవలసిందే. గాలి పైకి లేస్తే చల్లబడుతుంది. దాన్ని పైకి లేపేవి మన దగ్గర రెండున్నాయి. ఒకటి తూర్పు కనుమలు, రెండోది బంగాళాఖాతపు అల్పపీడనం. వాన కాలంలో అల్పపీడనం ఒడిశా తీరానికి చేరినప్పుడు భారీ వాన దాని నడుమ కన్నా దానికి నైరుతి దిక్కున ఎక్కువగా పడుతుంది. పూరీ దగ్గర అల్పపీడనం వుందని రేడియోలో వింటే అది మనది కాదనుకోవడం పొరపాటు. పూరీకి నైరుతిన వున్నది రాయగడ, కోరాపుట్ కొండలు, వాటి దిగువన మనం.

2017 జూలై 16న జరిగింది చూడండి. రాయగడ జిల్లా కొండల్లో కుండపోత కురిసింది. నాగావళిలో కలిసే కల్యాణి నది ఉప్పొంగి, విజయనగరం నుంచి రాయగడ మీదుగా రాయపూర్ వెళ్ళే రైలు మార్గంలో తెరువలి, సింగపూర్ రోడ్ స్టేషన్ల మధ్య వంతెనను తన్నుకుపోయింది. ఆ దారిన రైళ్ళు నిలిచిపోయాయి. రైలు వంతెనను లేపుకుపోయిన నీటికి వేరే దారి లేదు. అది నాగావళిలో పడి, తోటపల్లి దాటి, శ్రీకాకుళం పక్కనుంచే సముద్రానికి పోవాలి.

ఎంత వానకు ఎంత వరద అనే లెక్క ఎవరైనా కట్టుకోవచ్చు. నాగావళికి నీరు చేర్చే నేల సుమారు 9,500 చదరపు కిలోమీటర్లు, అందులో సగానికి కాస్త తక్కువ ఒడిశాలో వుంది. అందులో ఒక వెయ్యి చదరపు కిలోమీటర్ల మీద పది సెంటీమీటర్ల వాన పడిందనుకుందాం. ఆ నీరు పది కోట్ల ఘనమీటర్లు, అంటే మూడున్నర టి.ఎం.సి. నేల అప్పటికే తడిసి వుంటే పదింట ఆరు వంతులు ఏట్లోకి దిగుతుంది. ఆ రెండు టి.ఎం.సి.ల పైచిలుకు పన్నెండు గంటల్లో పోవాలంటే దాదాపు 49 వేల క్యూసెక్కులు. తోటపల్లిలో నిలిచేది మొత్తం రెండున్నర టి.ఎం.సి.లు మాత్రమే. వానకాలంలో అది నిండే వుంటుంది కాబట్టి గేట్లు ఎత్తడం తప్ప ఇంజనీర్లకు మార్గం లేదు.

ఇక్కడే మనకు చేతికి చిక్కేది ఒకటుంది. అది కాలం. రాయగడ నుంచి శ్రీకాకుళానికి ఏటి వెంట వంద కిలోమీటర్లకు పైమాటే. వరద గంటకు ఏడు కిలోమీటర్లు నడిచినా పదిహేను గంటలు పడుతుంది. పగలు అక్కడ పడిన వాన రాత్రికో, మర్నాటి తెల్లవారుజాముకో ఇక్కడికి వస్తుంది. వాతావరణ శాఖ రెండు మూడు రోజుల ముందు తడిగాలి వస్తోందని చెప్పగలదు గాని, అది ఏ కొండ మీద, ఏ గెడ్డలో పడుతుందో అంత ముందుగా ఎవరూ చెప్పలేరు. కాని పడిన వానను కొలవవచ్చు. పడిన తర్వాత మిగిలే ఆ పదిహేను గంటలే దిగువ గ్రామాల ఆస్తి.

ఆ గంటలు గ్రామానికి అందాలంటే హెచ్చరిక తీరు మారాలి. "జిల్లాలో భారీ వర్షాలు, లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా వుండాలి" అనే ప్రకటన రైతుకు ఏమీ చెప్పదు. తన జిల్లాలో వాన లేకపోతే అది ఉత్తుత్తి మాటగా తోస్తుంది. రెండుసార్లు అలా తోచిన తర్వాత మూడోసారి వినడు. దానికి బదులు రాయగడలో నిన్న ఎన్ని సెంటీమీటర్లు పడింది, తోటపల్లి నుంచి ఎన్ని క్యూసెక్కులు వదిలారు, ఆ నీరు ఫలానా ఊరికి ఎన్ని గంటలకు చేరుతుంది అనే మూడు మాటలు గ్రామ సచివాలయం బోర్డు మీద రాయాలి, చాటింపు వేయాలి. వంశధారకు గుణుపూర్, కాశీనగర్ దగ్గరి నీటిమట్టం, గొట్టా బ్యారేజీ విడుదల ఇలాగే చెప్పాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి తగ్గిందని ఊపిరి పీల్చుకున్నాక ఒడిశా కొండల నీటితో వంశధార పొంగింది. ఆ కొండలకూ మన పొలాలకూ మధ్య రాష్ట్రం గీత వుంది గాని, ఏటికి ఆ గీత లేదు. అందుకే రెండు రాష్ట్రాల అధికారుల మధ్య కబురు ఫైళ్ళలో కాక ఫోన్లలో నడవాలి.

ఊరివారు చూసుకోవలసింది కూడా వుంది. ఇక్కడ వాన లేకుండా ఏటి నీరు ఎర్రబడితే, నురుగు, పుల్లలు, ఎండుటాకులు కొట్టుకువస్తే ఎగువన వరద బయలుదేరిందని గుర్తు. రేవులో కర్ర పాతి గీతలు పెడితే గంటకు ఎన్ని జానలు పెరుగుతోందో పిల్లవాడైనా చెప్పగలడు. పెరుగుదల మొదలైన గంటలోనే గొడ్లనూ ఇంజన్లనూ గట్టెక్కించాలి. నీరు లంక చుట్టుకున్నాక పడవ కోసం కలెక్టరాఫీసుకు ఫోన్లు చేసేకన్నా అది తేలిక.

భూమి వేడెక్కుతున్న కొద్దీ గాలి మోసే ఆవిరి డిగ్రీకి నూటికి ఏడు వంతున పెరుగుతుంది. వచ్చే వానలు ఇంకా బరువుగా వుంటాయి. ఏటి గట్టు ఎత్తు పెంచడానికి కోట్లు కావాలి. రాయగడ వాన లెక్కను సాయంత్రానికి ఆమదాలవలస, పాలకొండ, బూర్జ మండలాల గ్రామాలకు చేర్చడానికి ఒక ఫోను, ఒక నల్లబల్ల చాలు. వచ్చే వానకాలానికి ముందే ఆయా జిల్లాల కలెక్టర్లు ఈ పని చేయించాలి.