శనివారం రాత్రి పన్నెండున్నర అంటే ఏ రోజు?

హారిస్‌డేల్‌లో పెరుగుతున్న మీకు రోజు అర్ధరాత్రికి మారుతుంది. తెలుగు మాటల్లో మాత్రం తెల్లవారేదాకా పాత వారమే నడుస్తుంది. అందుకే విజయవాడలో అమ్మమ్మ “శనివారం రాత్రి పన్నెండున్నరకి రైలు” అంటే, టికెట్ మీద ఆదివారం 00:30 అని ఉంటుంది. అది చూసి ఆదివారం రాత్రి స్టేషన్‌కి వెళ్తే, రైలు వెళ్ళిపోయి అప్పటికే దాదాపు ఒక రోజు అయిపోతుంది.

ఉత్త “పన్నెండున్నర” చాలదు, మధ్యాహ్నమో రాత్రో చెప్పాలి. రాత్రి అయితే అదీ చాలదని నా అభిప్రాయం. పెళ్ళి శుభలేఖలు చూడండి: “శనివారం రాత్రి 12.30 గంటలకు, తెల్లవారితే ఆదివారం” అని వేస్తారు. ఆ “తెల్లవారితే” అన్న మాటని మనం రైలుకీ వాడాలి. ఆ ముహూర్తాన్ని ఇక్కడినుంచి వీడియోలో చూడాలంటే ఆదివారం తెల్లవారుజామున మూడింటికి లేవాలి. పెర్త్ గడియారం రెండున్నర గంటలు ముందుంటుంది కదా!

ఇంకొకటి, “పావు తక్కువ ఎనిమిది”. పావు, ఎనిమిది అని వినగానే 8:15 అనుకోకండి. “తక్కువ” అన్నారంటే ఎనిమిది ఇంకా కాలేదు, అది 7:45. 8:15 అయితే “ఎనిమిదింపావు” అంటారు. అనుమానం వస్తే “ఏడు నలభై అయిదుకేనా, అమ్మమ్మా?” అని అడిగేయండి.