రంగు తక్కువ కాదు, షేడ్ తక్కువ (నలుపు ముచ్చట్లు – 6)

మొన్న శ్రీనగర్ కాలనీలో ఒక ఆఫీసుకు పోయిన. సాహిత్యం మీద అరగంట ఇంటర్వ్యూ. కెమెరా ముందు కూర్చోబెట్టే ముందు మేకప్ అన్న నా ముఖం చూసి, "రంగు కొంచెం తక్కువుంది మేడం, ఈవెన్ చేసేద్దాం" అన్నాడు. పది నిమిషాల తర్వాత అద్దంలో చూస్తే ముఖానికి బూడిద పూసినట్టుంది. మెడ నాది, ముఖం ఎవరిదో. వీడియో వచ్చాక ముగ్గురు ఫోన్ చేసి ఒంట్లో బాగాలేదా అని అడిగారు.

నా ముఖం ఒకే తీరుగా లేని మాట నిజమే. నోటి చుట్టూ, నుదుటి అంచున నలుపు ఎక్కువ. బుగ్గలు కొంచెం లేత. మొటిమలు మానిన చోట మచ్చలున్నాయి. వాటిని సమం చెయ్యమని అడగడం తప్పు కాదు, నేనూ అడుగుతా. కానీ సమం చేయడం వేరు, తెల్లగా చేయడం వేరు. ఆ తేడా చెరిపేసింది మన భాషే. నల్లగా ఉంటే "రంగు తక్కువ" అంటాం, తెల్లబడితే "రంగు తేలింది" అంటాం. నలుపును అసలు రంగుగానే లెక్కపెట్టని తెలుగు ఇది.

ముఖం బూడిదగా ఎందుకు మారిందో వినండి. చర్మం లోతు పొరల్లో చేరిన మెలనిన్ పైకి నీలి బూడిద ఛాయలో కనిపిస్తుంది. దాని మీద లేత ఫౌండేషన్ వేస్తే, అందులోని తెల్లని పొడి ఆ నీలంతో కలిసి ఇంకా బూడిదగా తేలుతుంది. మచ్చ దాగలేదని ఇంకో పొర, అదీ చాలదని మరో పొర. చివరికి మచ్చా పోదు, మనిషీ మిగలదు.

నా పాత విద్యార్థిని ఒకమ్మాయి కృష్ణానగర్‌లో పెళ్లి మేకప్‌లు చేస్తుంది. మర్నాడు ఆమె దగ్గరికి పోయిన. నన్ను కిటికీ పక్కన, పగటి వెలుతురులో కూర్చోబెట్టింది. ముందు మాయిశ్చరైజర్ రాసి ఐదు నిమిషాలు ఆగింది, ఎండిన చర్మం ఎట్లాగూ బూడిదగానే కనిపిస్తుంది కాబట్టి. తర్వాత ఇటుక రంగుకు దగ్గరగా ఉండే ముదురు నారింజ కరెక్టర్ తీసింది. చిటికెన వేలి కొసకు అంటినంతే. నోటి చుట్టూ, మచ్చల మీద మాత్రమే వేలితో తట్టింది, రుద్దలేదు. నారింజ నీలాన్ని అణిచేస్తుంది. ఎక్కువైతే మాత్రం పైపొరలోంచి అదే నారింజ తొంగి చూస్తుంది.

ఫౌండేషన్ ఎంచడానికి బుగ్గ చూడలేదు, చెయ్యీ చూడలేదు. దవడ నుంచి మెడ మీదికి మూడు షేడ్లు గీతలు గీసి పది నిమిషాలు ఆగింది. కొన్ని ఆరాక ముదురుతాయట. చర్మంలో కలిసిపోయి కనబడకుండా పోయిన గీతే మనది. నాకు ఒక్కటీ పూర్తిగా కలవలేదు. రెండు కలిపింది. నుదుటి అంచుకూ దవడకూ ముదురు పాలు ఎక్కువ, ముఖం మధ్యలో కొంచెం తక్కువ. బుగ్గల మీద దాదాపు ఏమీ వెయ్యలేదు.

"మచ్చను బుగ్గంత లేతగా చెయ్యొద్దు మేడం. దాని పక్కనున్న చర్మం దాకా తెస్తే చాలు" అంది. నా పీహెచ్‌డీ మొత్తంలో ఇంత సూటి వాక్యం నేను రాయలేదు.

చివర్లో తెల్ల పౌడర్ ముట్టలేదు, గోధుమ రంగు పౌడరే పలుచగా అద్దింది. ఫోన్‌లో బ్యూటీ ఫిల్టర్ ఆపేసి ఫ్లాష్‌తో ఫోటో తీసింది. మెడ కంటే ముఖం తెల్లగా ముందుకు దూకితే తప్పు జరిగినట్టే. దూకలేదు. నేను నల్లగానే ఉన్నాను, నాలాగే ఉన్నాను.

మన షేడ్లు దొరకవంటారా? 2021లో వచ్చిన 'పుష్ప'లో ఎర్రచందనం కూలీ కనిపించాలని హీరో ఒంటికి ముదురు రంగు వేశారు. అప్పుడు దొరికింది కదా! నలుపు వేషమైతే పెట్టెలోకి వస్తుంది, నల్లటి మనిషి కుర్చీలో కూర్చుంటే మాయమైతుంది. పనితనం లేక కాదు, పట్టింపు లేక. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ పేరులో ఫెయిర్ పోయి గ్లో వచ్చింది. మేకప్ కుర్చీలో ఆ పాత పనిని ఇప్పుడు "ఈవెన్" చేస్తోంది.

కులం చర్మపు రంగులో లేదని, అది జాతి భేదం కాదని అంబేద్కర్ ఎప్పుడో వాదించాడు. దళితుల్లో తెల్లవాళ్లున్నారు, బ్రాహ్మల్లో నల్లవాళ్లున్నారు. అయినా నలుపు కనబడగానే మనిషిని కిందికి జరిపే చూపు కులం నేర్పిందే. పెట్టెలో ఏ షేడ్ ఉండాలో నిర్ణయించేదీ ఆ చూపే.

ఒక్క జాగ్రత్త. మేకప్ కప్పుతుంది, మాన్పదు. స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ ఉన్నా, మచ్చలు పెరుగుతున్నా చర్మ డాక్టర్‌కు చూపించండి. మెడికల్ షాపువాడు చేతిలో పెట్టే స్టెరాయిడ్ క్రీము జోలికి పోవద్దు. మొదట తెల్లబరుస్తుంది, తర్వాత చర్మం పలుచబడి ఎర్రబారుతుంది, ఆపితే మచ్చ ఇంకా ముదురుగా తిరిగి రావచ్చు. ఇలాంటి క్రీములు చాలావాటిని చీటీ లేకుండా అమ్మొద్దని 2018లో కేంద్రమే చెప్పింది.

ఇప్పుడు నా సంచిలో రెండు షేడ్లు, ఒక కరెక్టర్ ఉంటున్నాయి. ఎక్కడ కూర్చోబెట్టినా ముందే చెప్తున్నా: "అన్నా, నా మెడకు కలుపు." మీరూ చెప్పండి. ఆ మాటకు పెట్టెలో సరుకు లేకపోతే సిగ్గుపడాల్సింది పెట్టె.