చలానా ఫొటో వస్తే మొత్తం అంకె ఒక్కటే చెప్పి ఊరుకోవద్దు



ఊళ్లో ఎవరికి ట్రాఫిక్ చలానా వచ్చినా ఫొటో తీసి మనకే పంపుతారు. మనం కింద ఉన్న మొత్తం చూసి "ఎనిమిది వేలు కట్టాలంట మామా" అని పెట్టేస్తాం. అది చదివి చెప్పినట్టు కాదని మా అభిప్రాయం. ఎనిమిది వేలంటే చాలా ఇళ్లలో అప్పు తేవాల్సిన డబ్బు. దేనికి ఎంత వేశారు, దేన్ని ప్రశ్నించొచ్చు, ఏ తేదీలోగా చెయ్యాలి అన్నది చెప్తేనే ఆయన ఏం చెయ్యాలో తేల్చుకోగలడు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. చింతూరు వైపు కుర్రాడు తండ్రి బండి మీద మల్కనగిరి వైపు సంతకి వెళ్లాడు. కొన్నాళ్లకి ఇంగ్లీషులో నోటీసు వచ్చింది. అందులో మూడు వరుసలున్నాయి:

129 r/w 194D – 1000
146 r/w 196 – 2000
3 r/w 181 – 5000

మొదట తడబడేది ఇక్కడే. ఒక్కో వరుసలో రెండేసి నంబర్లుంటే ఆరు తప్పులనుకుంటారు. కాదు. r/w అంటే "దీనితో కలిపి చదవాలి" అని. మొదటి నంబరు ఏ నియమం తప్పామో చెప్తుంది, రెండోది దానికి శిక్ష చెప్తుంది. అంటే ఉన్నవి మూడు తప్పులే. ఈ నంబర్లన్నీ 1988 మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్లు, 2019లో పెంచిన రేట్లు.

మొదటిది హెల్మెట్ లేకపోవడం. వెయ్యి రూపాయలతో పాటు మూడు నెలలు లైసెన్స్ పనికిరాకుండా చేసే మాట కూడా 194Dలో ఉంది. లైసెన్స్ ఉన్నవాళ్లకి ఆ సంగతి తప్పకుండా చెప్పాలి.

రెండోది ఇన్సూరెన్స్ లేకపోవడం. మొదటిసారి రెండు వేలు, మళ్లీ దొరికితే నాలుగు వేలు. ఇక్కడ తండ్రిని ఒక మాట అడగాలి: "బాబాయ్, ఆ రోజుకి ఇన్సూరెన్స్ నడుస్తోందా?" కాగితం ఇంట్లో ఉండిపోయి, పాలసీ ఆ తేదీకి చెల్లుబాటులో ఉంటే, అది చూపించి ఆ రెండు వేలను ప్రశ్నించొచ్చు. చలానా పడ్డాక కట్టిన ఇన్సూరెన్స్ మాత్రం పనికిరాదు.

మూడోది లైసెన్స్ లేకుండా నడపడం. లైసెన్స్ ఉండి జేబులో లేకపోవడం వేరు, అసలు లేకపోవడం వేరు. ఉండి చూపించలేకపోతే అది 130 r/w 177 కిందికి రావాలి, మొదటిసారి 500. అందుకే 181 కనబడగానే కుర్రాడికి లైసెన్స్ ఉందా అని అడగాలి. 5 r/w 180 అని ఇంకో వరుస ఉంటే అది లైసెన్స్ లేనివాడికి బండి ఇచ్చినందుకు యజమాని మీద, అంటే తండ్రి మీద, వేసిన మరో ఐదు వేలు.

రాష్ట్రాన్ని బట్టి కట్టించుకునే మొత్తం మారొచ్చు. కాబట్టి గూగుల్‌లో దొరికిన రేటు కాదు, నోటీసులో రాసిన అంకే చెప్పండి.

ఇక గడువు. నోటీసు మీద తప్పు జరిగిన తేదీ, చలానా రాసిన తేదీ వేరువేరుగా ఉండొచ్చు. "ఇన్ని రోజుల్లోగా" అని ఉంటే ఎక్కణ్ణుంచి లెక్కించాలో అందులోనే చూడాలి, మనకి ఫొటో వచ్చిన రోజు నుంచి కాదు. 05-06 అంటే జూన్ 5, మే 6 కాదు. రోజుల లెక్క చెప్పకుండా "ఫలానా తేదీ, ఫలానా వారం లోపు" అని చెప్పండి. వారం పేరు చెప్తే సంతకి ముందో తర్వాతో వాళ్లకే తెలిసిపోతుంది. గడువు దాటితే ఆఫీసులో మాట్లాడుకునే వీలు తగ్గిపోతుంది.

కట్టేముందు echallan.parivahan.gov.in లో చలానా నంబరు కొట్టి చూడండి. బండి నంబరుతో వెతికితే ఛాసిస్ లేదా ఇంజిన్ నంబరులో చివరి ఐదు అంకెలు కూడా అడుగుతుంది, అవి ఆర్సీలో ఉంటాయి. అందులో ఫొటో ఉంటే బండి మనదేనా చూసుకోవాలి. ఒక్క అక్షరం తప్పు చదివి వేరేవాళ్ల బండి చలానా మనకి వస్తుంటుంది. అభ్యంతరం ఉంటే డబ్బు కట్టకముందే చలానా ఇచ్చిన ఆఫీసుకి కాగితాలతో వెళ్లాలి. కట్టేస్తే తప్పు ఒప్పుకున్నట్టే చూస్తారు.

వాట్సాప్‌లో చలానా పేరుతో .apk ఫైలు వస్తే ముట్టుకోవద్దు. అది ఫోన్లోని బ్యాంకు డబ్బులు దోచే దొంగ ఫైలు. ఏ ప్రభుత్వ ఆఫీసూ చలానా అలా పంపదు.

సరిహద్దు ఊళ్లవాళ్లకి రాసే నోటీసులో తెలుగు కూడా ఉండాలని మనం అడగాల్సిందే. అది జరిగేదాకా ఈ పని మనదే. ఫొటో సగం కత్తిరించి పంపితే మొత్తం కాగితం, వెనక వైపు కూడా అడగండి. జవాబు వాయిస్‌లో పెట్టండి: ఏ తప్పుకి ఎంత, ఏది ప్రశ్నించొచ్చు, ఏ తేదీ లోపు, ఎక్కడికి వెళ్లాలి. మన భాషలో చెప్పగలిగితే ఇంకా మంచిది.